పద్నాలుగు సెంట్ల అర్జీ

మొదట రాసిన అర్జీ నిండా తిట్లే. "నా తల్లికి దిక్కు లేదని చూసి, పక్క పొలం గంగయ్య వీఆర్వోతో కుమ్మక్కై మా భూమి కబ్జా చేసినాడు" అని మొదలై, కలెక్టరు దగ్గరికి పోతాం, పేపర్లో వేయిస్తాం అనే దాకా పోయింది. గురువారం రాత్రి, మర్నాడు సెలవు. కువైట్‌లోని ఫర్వానియాలో ఆరుగురు ఉండే రూములో పై మంచం మీద కూర్చుని సీనా దాన్ని ఫోన్‌లో టైపు చేశాడు. కోపం మీద రాయడం వల్ల వేళ్లు చకచకా కదిలాయి. చేసి, కింద మంచం మీదున్న పుల్లయ్యకు ఇచ్చాడు.

పుల్లయ్య కువైట్‌కు రాకముందు రాజంపేటలో దస్తావేజులు రాసే ఆయన దగ్గర కొన్నేళ్లు పనిచేశాడు. ఇప్పుడు నడిపేది పాల వ్యాను. అయినా రూములో ఎవరికి ఏ కాగితం అవసరమైనా ఆయన దగ్గరికే పోతారు. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"ఇది చదివి తహసీల్దారు ఏం చేస్తాడనుకున్నావు?"

"యాక్షన్ తీసుకుంటాడు."

"పక్కన ఖాళీలో 'వీఆర్వో, సర్వేయరు: విచారించి రిపోర్టు ఇవ్వండి' అని రాసి సంతకం పెడతాడు. అంటే కాగితం నేరుగా ఎవరి చేతికి పోతాది? నువ్వు కుమ్మక్కైనాడు అన్న మనిషి చేతికే. ఆయన నీకు ఎట్లాంటి రిపోర్టు రాస్తాడో నువ్వే చెప్పు."

సీనా ఏమీ మాట్లాడలేదు.

"కుమ్మక్కు సంగతి నీకు తెలుసా, అనుమానమా?"

"ఇద్దరూ ఒకే బండిలో పోతాంటే లావణ్య చూసింది."

"బండెక్కినోళ్లంతా కుమ్మక్కే అయితే ఈ రూములో అందరం జైల్లో ఉండాల."

లావణ్య సీనా అక్క కూతురు, డిగ్రీ చదువుతోంది. గంగయ్య రెండు పొలాల నడుమ గట్టుగా ఉన్న పాత గెనిమ దున్నేసి, ఆగస్టులో రాతి కూసాలు నాటి తీగ లాగినప్పుడు వీడియో తీసి పంపింది ఆ పిల్లే. సీనా అడిగితే టేపు పట్టుకుని పోయి కొలిచి కూడా చెప్పింది. తూర్పు నుంచి పడమరకు 380 అడుగుల పొడవు, పాత గెనిమ ఆనవాలు నుంచి లోపలికి 16 అడుగులు. లెక్క వేస్తే 14 సెంట్ల దాకా వస్తుంది. అర్జీలో ఉండాల్సింది ఈ లెక్క. మొదటి కాగితంలో అదొక్కటే లేదు.

పుల్లయ్య ఇంకో మాట కూడా చెప్పాడు. అర్జీ నీ పేరు మీద వద్దు. పట్టాదారు మీ అమ్మ. నువ్వు ఇక్కణ్ణుంచి పంపితే, నీకేం హక్కుంది, మీ అమ్మ తరఫున పనిచేసేందుకు జీపీఏ ఉందా అని అడుగుతారు. అది మీ అమ్మ ఊళ్లో నీ పేరున రాయించి, స్టాంపు డ్యూటీ కట్టి, ఆ కాగితం నీ చేతికి వచ్చేలోపల గంగయ్య అక్కడ బోరు కూడా వేస్తాడు. ఆమె అర్జీ ఆమే ఇస్తుంది, నువ్వు రాసిపెట్టు చాలు. కువైట్ మాట కూడా తీసెయ్యి. ఆ పేరు కనబడితే కొందరికి అర్జీ కనబడదు, దీనార్లు కనబడతాయి.

తెల్లారి శుక్రవారం సీనా అమ్మకు ఫోన్ చేశాడు. ఊళ్లో అప్పటికే ఎండెక్కింది. పాస్‌బుక్కు, సర్వే నంబరు, నాయన చనిపోయిన సర్టిఫికెట్టు అన్నీ ఎక్కడున్నాయో అడిగి రాసుకున్నాడు. అంతా అయ్యాక ఓబులమ్మ అంది:

"నాయనా, గంగయ్య దొంగ అని మాత్రం రాయొద్దు."

"ఏం చేసినాడో చూసినావు కదమ్మా!"

"చూసినా. తప్పే. కానీ మీ నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇరవై వేలు ఇచ్చినోడు ఆయనే. ఆ బదులుకే ఆ పక్క ముక్కను రెండు పంటలు చేసుకోమని మీ నాయన చెప్పినాడు. నోటి మాటే. రెండు పంటలు పండించుకున్నాడు, తర్వాత మనమే చేసుకున్నాం. ఇప్పుడు ఏమంటాండాడంటే, అది అమ్మినట్టే లెక్క అంటాండాడు."

సీనాకు ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అమ్మ మీద కోపం వచ్చింది, చూపించలేదు. ఫోన్ పెట్టేశాక పుల్లయ్యతో, "దీన్ని రాయకుండా వదిలేద్దాం అన్నా" అన్నాడు.

ఇక్కడ పుల్లయ్య కూడా కొంచెంసేపు తటపటాయించాడు. ఆయన అలవాటు, అవతలివాడికి పనికొచ్చే మాట మన కాగితంలో ఉండకూడదని. అమ్మకం, హక్కు అన్న మాటలు వస్తే ఇది టైటిల్ తగాదా, సివిల్ కోర్టుకు పొమ్మని ఆఫీసు చేతులు దులుపుకుంటుంది. తహసీల్దారు చేయగలిగింది కొలిపించి హద్దు చూపించడం. ఆ భూమి ఎవరిదని తీర్పు చెప్పడం ఆయన పని కాదు.

"కానీ కొలత నాడు గంగయ్య పదిమంది ముందర ఇదే చెప్తాడు కదా," అన్నాడు సీనా. "అప్పుడు అమ్మ దాచిపెట్టినట్టు ఉంటాది."

పుల్లయ్య ఆలోచించి, కాసేపటికి తనే దారి మార్చుకున్నాడు. "రాయి. మాటగా సాగుకు ఇచ్చినాం, అమ్మలేదు అని ఉన్నదున్నట్టు రాయి. వంద రూపాయలకు మించిన భూమి అమ్మితే రిజిస్టరు కాగితం ఉండాల్సిందే, ఆయన దగ్గర అది లేదు. రేపు కోర్టు దాకా పోయి పన్నెండేళ్ల అనుభవం అని వాదించినా, మనం అనుమతిచ్చి చేసుకోమన్నది ఆ లెక్కలోకి రాదు. నీకు నష్టం అనుకుంటున్న మాటే రేపు అక్కరకొస్తాది."

ఆ ఒక్క వాక్యం కోసమే ఆ మధ్యాహ్నమంతా పట్టింది. "అప్పు" అని రాస్తే భూమి తాకట్టు పెట్టినట్టుంది. "సాయం" అంటే గంగయ్యను పొగిడినట్టుంది. "కౌలు" అంటే కౌలు కాగితం చూపించమంటారు. చివరికి డబ్బు మాట పూర్తిగా తీసేసి, సాగు మాట మాత్రం ఉంచారు. ఇరవై వేలు అమ్మ ఎప్పుడైనా ఇచ్చేస్తుంది, అది ఆఫీసుకు సంబంధం లేని లెక్క.

శనివారం సాయంత్రానికి అర్జీ ఇట్లా తయారైంది:

తేది: 08-09-2025
రేగుమానుపల్లె

గౌరవనీయులైన తహసీల్దార్ గారికి,

రేగుమానుపల్లె గ్రామ కాపురస్తురాలు, కీ.శే. వెంకటసుబ్బయ్య భార్య ఓబులమ్మ నమస్కరించి సమర్పించుకొను అర్జీ.

విషయం: సర్వే నంబరు 214/2బి లోని నా పట్టా భూమికి ఉత్తరపు హద్దు కొలిచి చూపించవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

పై సర్వే నంబరులో నాకు 1 ఎకరం 86 సెంట్ల మెట్ట భూమి ఉంది. ఇది నా భర్త పేరున ఉండేది. ఆయన 2017లో మరణించిన తర్వాత వారసత్వంగా నా పేరుకు మారింది. పట్టాదారు పాసుపుస్తకం, వన్‌-బి, అడంగల్ నా పేరు మీదే ఉన్నాయి. ఈ ఏడు కూడా ఆ భూమిలో వేరుశనగ వేశాను. మా గ్రామంలో రీసర్వే ఇంకా జరగలేదు.

నా భూమికి ఉత్తరాన గంగయ్య గారి భూమి ఉంది. రెండింటికీ నడుమ ఉన్న పాత గెనిమను ఈ జూలైలో దున్ని కలిపారు. ఆగస్టులో రాతి కూసాలు నాటి కంచె వేశారు. పాత గెనిమ గుర్తు నుంచి కంచె దాకా నా భూమిలోకి సుమారు 16 అడుగుల వెడల్పున, సుమారు 380 అడుగుల పొడవున వచ్చింది. ఇది సుమారు 14 సెంట్లు అవుతుంది. ఇది మేము టేపుతో కొలుచుకున్నది మాత్రమే. ప్రభుత్వ కొలతలో ఎంత వస్తే అంతకు నేను కట్టుబడి ఉంటాను.

2014లో నా భర్త ఆ పక్కనున్న కొంత భూమిని గంగయ్య గారిని రెండు పంటలు సాగు చేసుకోమని నోటిమాటగా అనుమతించారు. ఆ రెండు పంటల తర్వాత ఆ భూమిని తిరిగి మేమే సాగు చేసుకున్నాము. దాన్ని ఎవరికీ అమ్మలేదు, ఎలాంటి పత్రమూ రాసివ్వలేదు. అమ్మకం ఏదీ రిజిస్టరు కాలేదని చూపే ఈసీ నకలు జతపరిచాను.

హద్దు కొలత కోసం సచివాలయంలో ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించాను. సర్వేయరు గారు వచ్చిన రోజున అవతలివారు ఊళ్లో లేనందువల్ల కొలత జరగలేదు.

కావున తమరు దయతో,

ఇరుపక్షాలకూ, చుట్టుపక్కల రైతులకూ ముందుగా నోటీసు ఇచ్చి, ఒక తేదీ నిర్ణయించి, ఎఫ్‌ఎంబీ పటం ప్రకారం నా ఉత్తరపు హద్దును వీఆర్వో గారి సమక్షంలో కొలిపించి, రాళ్లు నాటించవలసిందిగానూ, కొలత ముగిసే వరకు ఆ హద్దు వద్ద ఇరువైపులా కొత్తగా బోరు, గోడ వంటివి కట్టకుండా సూచించవలసిందిగానూ, కొలత రిపోర్టు నకలు నాకు ఇప్పించవలసిందిగానూ కోరుతున్నాను.

నేను చదువుకోలేదు. ఈ అర్జీని నా కుమారుడు రాయగా, నాకు చదివి వినిపించగా, సరిగా ఉందని వేలిముద్ర వేశాను.

ఇట్లు,
ఓబులమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)

జతపరిచినవి: పాసుపుస్తకం, వన్‌-బి, అడంగల్, ఈసీ, ఎఫ్‌ఎంబీ నకళ్లు, భర్త మరణ ధ్రువపత్రం, ఎఫ్‌-లైన్ రసీదు, కంచె ఫొటోలు.

"ప్రభుత్వ కొలతలో ఎంత వస్తే అంతకు" అన్న మాట దగ్గర సీనా చాలాసేపు ఆగాడు. నిజంగానే కొలతలో తొమ్మిది సెంట్లే వస్తే? వస్తే రానీ అనుకున్నాడు. ఆ మాట ఉంటేనే అమ్మ తగాదా కోసం కాక, గట్టు కోసమే అడుగుతోందని కాగితం చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఆదివారం లావణ్య ఆ అర్జీని అమ్మమ్మకు చదివి వినిపించింది. ఓబులమ్మ అంతా విని, "గారు పెట్టినాడా గంగయ్యకు? మంచిది," అంది. సోమవారం మండలాఫీసులో గ్రీవెన్స్. ఇద్దరూ ఆటోలో పోయి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, నంబరు వేయించుకున్నారు. ఆ పని మర్చిపోవద్దని సీనా పదేపదే చెప్పాడు. స్టాంపు లేని కాగితం ఇచ్చినట్టు కాదన్నది పుల్లయ్య మాట. లావణ్య ఫొటో తీసి పంపితే, సీనా దాన్ని పెద్దది చేసి చూసి, నంబరు డైరీలో రాసుకున్నాడు.

పది రోజులకు పైగా ఉలుకూ పలుకూ లేదు. రోజూ ఫోన్ చేస్తే ఆఫీసోళ్లకు విసుగొస్తుందని పుల్లయ్య ఆపాడు. వారానికోసారి, అదీ లావణ్య చేత, అర్జీ నంబరు చెప్పి అడిగించాడు. తర్వాత ఒక సాయంత్రం వీఆర్వో నోటీసు పట్టుకుని ఇంటికొచ్చాడు. మంగళవారం పొద్దున పదింటికి కొలత. గంగయ్య కూడా తన కాపీ మీద సంతకం పెట్టాడట. పెట్టి, "ఆయమ్మ రెండు పంటల మాట దాయలేదే" అన్నాడని వీఆర్వో చెప్పాడు. అది మెచ్చుకోలో, ఎగతాళో వీఆర్వోకే అర్థం కాలేదు.

ఆ రాత్రి ఓబులమ్మ ఫోన్ చేసింది. నువ్వు లేకుండా కొలత ఎట్లా అని ఒక టెన్షన్. కూలి పిల్చి ఆ వరుసలో వేరుశనగ చెట్లు పీకాల్నా అని ఇంకొకటి. సీనా ఒక్కొక్కటీ చెప్పాడు. మామను, ఊరి పెద్ద ఒకరిని పక్కన పెట్టుకో. చెట్లు ముట్టుకోవద్దు. గంగయ్య ఏమన్నా మాట పెంచొద్దు. గొలుసు పట్టుకున్నప్పుడు లావణ్య ఫొటోలు తీస్తుంది. పంచనామా మీద వేలిముద్ర వేసే ముందు ఆ పిల్ల చేత మొత్తం చదివించుకో.

"వచ్చినోళ్లకు అన్నం వండాల్నా?"

సీనా ఫోన్ స్పీకర్లో పెట్టి పుల్లయ్య వైపు చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు పుల్లయ్య కింది మంచం మీంచి. "ఆఫీసోళ్లకు అన్నం పెడితే గంగయ్య ఇంకోటి అనుకుంటాడు. కుండెడు మజ్జిగ చెయ్యి. గంగయ్యకు కూడా ఒక గ్లాసు పొయ్యి."