ఏడో తరగతి సైన్సు మాటల షీటు: ఇంటి మాట, ఇంగ్లిషు మాట, బొమ్మ

ముందు ఇంట్లో అనే మాట, తర్వాత తెలుగు పుస్తకంలోది, చివర ఇంగ్లిషుది. స్పెల్లింగు బోర్డు మీద రాస్తాను, పక్కన ఎక్కించుకోండి. బొమ్మ పెన్సిలుతో మీరే గీయాలి. అందంగా రాకపోయినా పరవాలేదు, బాణం మాత్రం తిరగబడకూడదు.

ఆవిరైపోవడం – బాష్పీభవనం – ఎవాపరేషన్
బొమ్మ: భీమిలి ఉప్పుమడి, పైన ఎండ, నీటి నుంచి పైకి బాణాలు. బాణాల్లో ఉప్పు చుక్కలు పెట్టకండి. నీరే పోతుంది, ఉప్పు మడిలోనే మిగులుతుంది.

చెమ్మ పట్టడం – సాంద్రీకరణం – కండెన్సేషన్
బొమ్మ: ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా, బయట నీటి బొట్లు. బాణం గాలి నుంచి సీసా వైపుకు. పోయినసారి సగం మంది సీసా కారుతోందని రాశారు! ఆ నీళ్ళు చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరివి.

కరగడం
ఇక్కడ జాగ్రత్త. మనకు ఒకటే మాట, ఇంగ్లిషులో రెండు. ఐసు కరిగితే ద్రవీభవనం, మెల్టింగ్. టీలో పంచదార కరిగితే డిజాల్వింగ్. ఐసుకు వేడి తగిలితే చాలు, ఇంకేమీ కలపక్కర్లేదు. పంచదారకు టీ కావాలి. పరీక్షలో ఏది రాయాలో తెలియకపోతే ఎన్ని పదార్థాలున్నాయో లెక్కపెట్టండి.
బొమ్మలు: గిన్నెలో ఒక్క ఐసు ముక్క, గ్లాసు, చెంచాతో పంచదార.

వేడి
ఇదీ అంతే. ఉష్ణం అంటే హీట్, ఉష్ణోగ్రత అంటే టెంపరేచర్.
బొమ్మ: మరుగుతున్న నీళ్ళు, ఒకటి గ్లాసెడు, ఇంకోటి బకెట్టెడు. రెండిట్లోనూ థర్మామీటరు 100 డిగ్రీల దగ్గరే. బకెట్టును అక్కడిదాకా తేవడానికి గ్యాసు ఎంత ఖర్చవుతుందో అమ్మనడగండి.

సముద్రపు గాలి – సముద్ర పవనం – సీ బ్రీజ్
బొమ్మ: ఆర్కే బీచ్, మధ్యాహ్నం. ఇసుక త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి బాణం తిప్పేయండి, అది ల్యాండ్ బ్రీజ్.

తుప్పు – రస్టింగ్
బొమ్మ: కిటికీ ఊచ. ఇనుము, గాలి, నీరు మూడూ రాయండి. ఉప్పుగాలి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. బీచ్ దగ్గర ఇల్లున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

పులుపు – ఆమ్లం – యాసిడ్ (బొమ్మ: చింతకాయ)
సున్నం – క్షారం – బేస్ (బొమ్మ: సున్నపు డబ్బా)
పసుపు – సూచిక – ఇండికేటర్ (బొమ్మ: చొక్కా మీద మరక)
కూర పడిన తెల్లచొక్కాకు సబ్బు రాస్తే మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేదీ ఇందుకే. చింతపండు రసం పోసి చూడండి, పసుపు పసుపుగానే ఉంటుంది.

మిగతావి తేలికే: రాపిడి – ఘర్షణ – ఫ్రిక్షన్ (రుద్దుకుంటున్న చేతులు), వడకట్టడం – వడపోత – ఫిల్ట్రేషన్ (టీ జల్లెడ), పుప్పొడి – పరాగం – పోలెన్ (మందార పువ్వు).

సోమవారం షీటు తెచ్చేటప్పుడు, కరగడంలా మనకు ఒకటిగా ఉండి ఇంగ్లిషులో రెండైన మాట ఇంకొకటి వెతికి వెనకవైపు రాసుకు రండి. 'గాలి'ని నేనే చెప్పేస్తున్నాను: ఎయిర్, విండ్. అది లెక్కలోకి రాదు.