ఉప్పాడ ఫొటో పుస్తకం రెండో డమ్మీ: స్ప్రెడ్ల మీద నా నోట్స్

తమ్ముడూ, పీడీఎఫ్ నిన్న రాత్రే చూశా కానీ స్క్రీన్ మీద చూసి చెప్పడం ఇష్టం లేక పొద్దున్నే సగం సైజులో ప్రింట్ తీయించి 80 పేజీలూ హాల్లో నేల మీద పరిచి చూశాను, మా పిల్లి 40వ పేజీ మీద పడుకుంది, దాన్ని రివ్యూ కింద తీసుకోకు.

ముందు పెద్ద మాట చెప్పేస్తా. నీ దగ్గర రెండు కథలున్నాయి, సముద్రం ఇళ్లని కోసుకుపోవడం ఒకటి, జాందానీ మగ్గం ఇంకోటి. ఈ రెండూ కలిసే ఫొటో నీ మొత్తం 46లో ఒక్కటే, గుంట మగ్గం గుంటలో ఉప్పునీళ్లు నిలిచిన ఫొటో. దాన్ని తీసుకెళ్లి 33వ పేజీలో పోస్ట్‌కార్డంత సైజులో పెట్టావేంట్రా! పుస్తకం అంతా దాని దగ్గరికే నడవాలి కదా, నువ్వేమో దార్లో కిళ్లీ కొట్టులా దాటేశావు.

దాన్ని 56-57కి తీసుకెళ్లు, డబుల్ పేజీ ఫుల్ బ్లీడ్, చుట్టూ తెలుపు లేకుండా కాగితం అంచుల దాకా. అక్కడే ఎందుకంటే మనది పెద్ద కాగితం మడిస్తే వచ్చే 16 పేజీల ఫారాలు, మొత్తం 5. ఒక్కో ఫారంలో నడిమి స్ప్రెడ్ మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కనే అచ్చవుతుంది, అంటే 8-9, 24-25, 40-41, 56-57, 72-73. కుట్టు బైండింగ్ అయితే ఈ అయిదు చోట్లా పుస్తకం చక్కగా విచ్చుకుంటుంది, రంగు కూడా అటూ ఇటూ తేడా రాదు. మిగతా చోట్ల ఎడమ పేజీ ఒక చోట, కుడి పేజీ ఇంకో చోట అచ్చయి తర్వాత కలుస్తాయి, ఒక మిల్లీమీటరు జరిగినా హొరైజన్ మెట్టులా విరుగుతుంది. నీకున్నవేమో సముద్రం ఫొటోలు, హొరైజన్ లేని ఫొటో ఎన్ని ఉన్నాయి చెప్పు?

పైగా ఆ గుంట ఫొటోలో గుంట ఎడమ వైపు, కూలిన గోడ కుడి వైపు, మధ్యలో ఉత్త మట్టి నేల, రెండు పేజీలు కలిసే మడత, ఆ గట్టర్ దాని మీద పడినా ఎవరికీ నష్టం లేదు. ఒక్కటి చూసుకో, మన స్ప్రెడ్ 400 బై 250, నీ ఫొటో 3:2, వెడల్పు నింపితే ఎత్తు 267 వస్తుంది, 17 మిల్లీమీటర్లు కోసేయాలి. అంతా పైనుంచే కొయ్యి, కింద నీటి అంచు ముట్టుకోకు. ఇప్పుడు 56-57లో ఉన్న డ్రోన్ షాట్ తీసేయ్. బీచ్ రోడ్డు పైనుంచి ఎలా ఉంటుందో టీవీలో తుఫాను వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం.

గట్టర్ విషయంలో అసలు ఘోరం 18-19. ఆ మామ్మ మొహం సరిగ్గా మధ్యలో, ఎడమ కన్ను మడతలోకి పోయింది. నువ్వు ప్రెస్‌లో మాట్లాడింది పర్ఫెక్ట్ బైండింగ్ అన్నావు, 150 జీఎస్ఎం లాంటి మందం కాగితానికి అలా గమ్ము బైండింగ్ వేస్తే ఒక్కో పక్క ఏడెనిమిది మిల్లీమీటర్లు మింగేస్తుంది, గట్టిగా తెరిస్తే పేజీ ఊడి చేతికొస్తుంది. కుట్టు బైండింగ్‌కి ఎంతవుతుందో అడుగు, డబ్బులు చాలకపోతే హార్డ్ కవర్ మానెయ్ అంతే కానీ కుట్టు మానొద్దు. మామ్మని మాత్రం డబుల్‌లోంచి తీసి 33లో ఒక్క పేజీ మీద 170 మిల్లీమీటర్ల వెడల్పుతో పెట్టు, చుట్టూ తెలుపు వదిలి, 32 ఖాళీగా. చిన్నదైతే బలం తగ్గుతుందని నీ భయం, నాకు తెలుసు, కానీ ఆవిడ చూపు రెండు ముక్కలవడం కన్నా నయం కదా.

మరి ఖాళీ అయిన 18-19లో ఏం పెట్టాలంటే, నువ్వు మొదటి డమ్మీలో పెట్టి తీసేసిన ఫొటో ఒకటుంది చూడు, గుంటలో నేతగాడి కాళ్లు తొక్కుడు కర్రల మీద ఉన్నది. అది 19లో పెట్టు, 18 వదిలెయ్. మగ్గం కింద గుంట ఉంటుందనీ, మనిషి అందులో కాళ్లు దించి కూర్చుని నేస్తాడనీ ఊరి బయటివాళ్లకి తెలీదు కదా, అది ముందే చూసి ఉంటేనే 56లో ఆ నీళ్లు గుచ్చుకుంటాయి. లేకపోతే ఏదో గుంతలో వాన నీళ్లనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇక జతలు. 22లో వల, 23లో పడుగు దారాలు, బాగుంది, ఎవరికైనా ఠక్కున తెలుస్తుంది. కానీ మళ్లీ 36-37లో అల, చీర కుచ్చిళ్లు. మళ్లీ 44-45లో బీటలు తీసిన గోడ, ముసలాయన ముడతల చెయ్యి. మూడోసారికి చదివేవాడు పేజీ తిప్పకముందే ఊహించేస్తాడు, ఆ గోడ-చెయ్యి జత అయితే నాకు చిరాకేసింది కూడా, మనిషిని గోడతో పోల్చి ఏం చెప్పినట్టు? వల-పడుగు ఒక్కటే ఉంచు. నాకు బాగా నచ్చింది 28-29, ఒకావిడ చీరని వెలుతురుకి పట్టుకుని చూడ్డం, ఎదురుగా కప్పు లేని ఇంట్లో కిటికీ. ఆకారంలో ఏ పోలికా లేదు, రెండింట్లోనూ వెలుగు కుడి పక్క నుంచే వస్తోంది, అంతే, అదే చాలు. కాకపోతే ఆవిడ ఎడమ పేజీలో ఉండి ఎడమకే చూస్తోంది, అంటే పుస్తకం బయటికి. ఆవిడని 29కి మార్చు, అప్పుడు చూపు కిటికీ మీద పడుతుంది.

ఫొటో ఫ్లిప్ చెయ్యడం మాత్రం మానెయ్ బాబూ, 51లో చేశావు, బోటు మీద నంబరు తిరగబడింది. అక్కడి వాళ్లు ముందు చూసేది అదే.

నడక గురించి: 12-13, 14-15, 16-17 వరసగా మూడు ఫుల్ బ్లీడ్ అలలు. మొదటిది చూసి అబ్బా అనుకున్నా, రెండోది సరే, మూడోదానికి నా చెయ్యే పేజీ తిప్పేసింది. పైగా 16-17లో ఒక ఫారం అయిపోయి ఇంకోటి మొదలవుతుంది, అక్కడ డబుల్ వేస్తే అతుకు కనపడి తీరుతుంది. 12-13 ఉంచు, 14 ఖాళీ, 15లో ఆ కొట్టుకుపోయిన గడప ఫొటో చిన్నగా, 16-17 తీసేసి నీ మొదటి పేరా అక్కడికి తే. ఖాళీ పేజీ అంటే డబ్బు దండగ అంటావు, రాబర్ట్ ఫ్రాంక్ 'ది అమెరికన్స్' 1959 అమెరికా ఎడిషన్ చూడు, 83 ఫొటోలు, ఎదురు పేజీలు ఖాళీ, ఎవరైనా దండగ అన్నారా?

60 నుంచి 70 దాకా బాగుంది, ముట్టుకోకు. చివర్లో ఆ పిల్లాడు రాళ్ల మీద నిలబడి వెనక్కి తిరిగి నవ్వే ఫొటో, అది క్యాలెండర్‌రా, తీసెయ్. 77లో ఉన్న సగం నేసిన చీర దగ్గర ఆపు, ఆ తర్వాత పేజీల్లో క్యాప్షన్లు పేజీ నంబర్లతో వేసెయ్, ఫొటోల పక్కన ఒక్క అక్షరం వద్దు.

శుక్రవారంలోపు మార్చి పంపు, ఈసారి పీడీఎఫ్ వద్దు, ఏ3 మీద ప్రింట్ తీసి మడిచి దారంతో కుట్టి కొరియర్ చెయ్యి, గట్టర్ చేత్తో తెరిచి చూస్తే గానీ తెలీదు.