విషయం: ప్రయోగం 7 రికార్డు గడువును నవంబర్ 28 వరకు పొడిగించమని అభ్యర్థన – స్పెక్ట్రోఫోటోమీటర్ చెడిపోయి రీడింగ్స్ పోయినందున

గౌరవనీయులైన సుజాత మేడమ్ గారికి,

నమస్కారం. నేను ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం, ఫిజికల్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మూడో బ్యాచ్ విద్యార్థిని శ్రావణిని. క్రిస్టల్ వయొలెట్, సోడియం హైడ్రాక్సైడ్ చర్య వేగంపై మేము చేస్తున్న ఏడో ప్రయోగం రికార్డును నవంబర్ 17, సోమవారం నాటికి మీకు అందజేయవలసి ఉంది. నవంబర్ 13, గురువారం మధ్యాహ్నం ప్రయోగం నడుస్తుండగా స్పెక్ట్రోఫోటోమీటర్‌లోని టంగ్‌స్టన్ ల్యాంపు పాడైపోయింది. దానితోపాటు ఆ రోజు కంప్యూటర్‌లో నమోదైన రీడింగ్స్ కూడా పోయాయి. అందువల్ల నాకు, నా బ్యాచ్‌మేట్ హరిణికి ఈ రికార్డు గడువును నవంబర్ 28, శుక్రవారం వరకు పొడిగించవలసిందిగా కోరుతున్నాను.

జరిగింది ఇది. ఉదయం యంత్రం వేడెక్కిన తరువాత 590 నానోమీటర్ల వద్ద డిస్టిల్డ్ వాటర్‌తో జీరో చేసి, మాన్యువల్‌లో చెప్పినట్టుగా హైడ్రాక్సైడ్ కలపని క్రిస్టల్ వయొలెట్ ద్రావణాన్ని మూత ఉన్న క్యూవెట్‌లో తీసుకుని కంట్రోల్‌గా చూశాము. దాని అబ్సార్బెన్స్ 0.642 వచ్చింది. ఆ తరువాత 25 డిగ్రీలు, 30 డిగ్రీల వద్ద రన్స్ పూర్తి చేసి, 35 డిగ్రీల రన్ కూడా ముగించాము. 40 డిగ్రీలకు వాటర్ బాత్ వేడెక్కేలోగా, మళ్లీ జీరో నొక్కకుండా అదే నీటిని, అదే కంట్రోల్ ద్రావణాన్ని ఇంకొకసారి చూస్తే, సున్నా చూపవలసిన నీరు 0.058, కంట్రోల్ 0.701 చూపించాయి. వెంటనే ల్యాబ్ అసిస్టెంట్ రమణ గారిని పిలిచాము. ఆయన వచ్చి చూస్తుండగానే తెరపై Lamp energy low అన్న సందేశం వచ్చింది, సాఫ్ట్‌వేర్ దానంతట అదే మూసుకుపోయింది. కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాక ఆ రోజు రన్స్ అన్నీ ఉన్న సెషన్ ఫైలు తెరుచుకోలేదు. రమణ గారు తమకు తెలిసిన పద్ధతులన్నీ ప్రయత్నించి, చివరకు ఇన్‌స్ట్రుమెంట్ లాగ్ బుక్‌లో విషయాన్ని నమోదు చేసి సంతకం చేశారు. ఆ పేజీ ఫొటోను ఈ మెయిల్‌కు జతచేశాను.

పెరిగిన అంకెలకు కారణం ద్రావణంలో కాక ల్యాంపులోనే ఉందని నేను ఎందుకు భావిస్తున్నానో కూడా చెప్పాలి. క్రిస్టల్ వయొలెట్ గాజుకు అంటుకునే రంగు. అంటుకుంటే ద్రావణంలో రంగు తగ్గి అబ్సార్బెన్స్ పడిపోవాలే గాని పెరగకూడదు. క్యూవెట్‌కు మూత ఉంది కాబట్టి నీరు ఆవిరై ద్రావణం చిక్కబడిందనీ అనలేము. అన్నిటికంటే ముఖ్యంగా, రంగే లేని నీటిలో వచ్చిన 0.058, రంగు ద్రావణంలో వచ్చిన 0.059 దాదాపు ఒకటే. మన యంత్రం సింగిల్ బీమ్ రకం; జీరో చేసినప్పుడు అందిన కాంతి తీవ్రతనే I₀ గా గుర్తుపెట్టుకుని, ఆ తరువాతి ప్రతి రీడింగును A = log(I₀/I) ప్రకారం లెక్కిస్తుంది. ల్యాంపు కాంతి తగ్గితే I తగ్గుతుంది, I₀ మాత్రం ఉదయం నాటిదే ఉంటుంది. కాబట్టి తగ్గిన కాంతి అంతా ద్రావణమే పీల్చుకున్నట్టు కనిపిస్తుంది. 0.058 అంటే కాంతి ఉదయం ఉన్నదానిలో సుమారు 87 శాతానికి పడిపోయిందన్నమాట. తూకం వేస్తున్నంతసేపూ తక్కెడ ముల్లు ఒక పక్కకు జరుగుతూ ఉంటే ఎలా ఉంటుందో మా రీడింగ్స్ పరిస్థితి అలాగే ఉంది.

ఇక మిగిలినది అబ్జర్వేషన్ బుక్‌లో చేత్తో రాసుకున్నవే. 25, 30 డిగ్రీల రన్స్‌కు ప్రతి 30 సెకన్లకు ఒక రీడింగ్ రాశాము. 35 డిగ్రీల వద్ద చర్య వేగంగా సాగుతుంది కనుక సెకనుకొకటి చొప్పున కంప్యూటరే నమోదు చేసుకునేలా పెట్టాము. ఆ రన్ పూర్తిగా పోయింది. 40 డిగ్రీలది మొదలే కాలేదు.

చేతిలో ఉన్న రెండు రన్స్‌తోనైనా రికార్డు పూర్తి చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అలాగే అనుకుని శుక్రవారం రాత్రి గ్రాఫ్ గీసి చూశాను. చర్య పూర్తయ్యేసరికి ఏర్పడే కార్బినాల్‌కు రంగు ఉండదు కాబట్టి ఇన్ఫినిటీ రీడింగ్ సున్నాకు చాలా దగ్గరగా రావాలి. 25 డిగ్రీల వద్ద అది 0.019, 30 డిగ్రీల వద్ద 0.047 ఉన్నాయి. అంటే ల్యాంపు మధ్యాహ్నం ఒక్కసారిగా పోలేదు. ఉదయం నుంచే మెల్లగా క్షీణిస్తూ వచ్చింది. A నుంచి ఇన్ఫినిటీ విలువను తీసివేసి ln గ్రాఫ్ గీయడం మీరు థియరీ క్లాసులో చెప్పిన పద్ధతే. కాని రన్ మొదటి నుంచి చివరి దాకా మారకుండా ఉన్న దోషాన్ని మాత్రమే ఆ పద్ధతి తొలగించగలదు. ఇన్ఫినిటీ రీడింగ్‌ను చర్య ముగిసిన చాలాసేపటికి తీస్తాము. ఆలోగా ల్యాంపు ఇంకా పడిపోయి ఉంటుంది గనుక, రన్ మొదట్లోని రీడింగ్స్ నుంచి అవసరమైనదానికంటే ఎక్కువ తీసివేసినట్టవుతుంది. మధ్యలో ఏ క్షణాన దోషం ఎంత ఉందో చెప్పడానికి నీటి రీడింగ్ లేదు, ఎందుకంటే రన్ నడుస్తున్నంతసేపూ క్యూవెట్ హోల్డర్‌లో చర్య జరుగుతున్న ద్రావణమే ఉంటుంది.

దోషం చిన్నదే కదా అనిపించవచ్చు గాని, అది ఎక్కడ పడుతుందన్నదే అసలు సంగతి. నిజమైన అబ్సార్బెన్స్ 0.640 ఉన్నచోట 0.028 అదనంగా చేరితే ln విలువ 0.043 మాత్రమే మారుతుంది. అదే 0.028 రన్ చివర్లో 0.080 దగ్గర చేరితే 0.300 మారుతుంది. గ్రాఫ్ తోక భాగం పైకి లేచి, వాలు తగ్గి, k విలువ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. నేను గీసిన గ్రాఫ్‌లో 30 డిగ్రీల గీత చివర స్పష్టంగా పైకి వంగింది. మొదటి సగం బిందువులను మాత్రమే తీసుకుంటే ఒక k, అన్నింటినీ తీసుకుంటే మరొక k వస్తున్నాయి. వాటిలో ఏది ఎంచుకున్నా అది నా ఇష్టం ప్రకారం ఎంచుకున్నదే అవుతుంది.

పైగా ఈ ప్రయోగంలో అడిగిన అసలు ఫలితం k కాదు, యాక్టివేషన్ ఎనర్జీ. 25, 30 డిగ్రీల రెండు బిందువుల మీదే అరీనియస్ గీత గీస్తే, వాటిలో ఒక్క k లో 10 శాతం తేడా ఉన్నా యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు సుమారు 14 కిలోజౌల్స్ మారిపోతుంది. 25, 40 డిగ్రీల మధ్య గీస్తే అదే 10 శాతానికి వచ్చే తేడా 5 కిలోజౌల్స్ దరిదాపుల్లో ఉంటుంది. నాలుగు ఉష్ణోగ్రతల వద్ద చేయమనడంలోని ఉద్దేశం నాకు ఈ లెక్క వేసినప్పుడే బాగా అర్థమైంది. నీటి రీడింగ్ సున్నా నుంచి 0.058 వరకు కాలంతోపాటు సమంగా పెరిగిందని ఊహించుకుని సవరణ చేయవచ్చు గాని, పోబోయే ల్యాంపు సమంగా క్షీణిస్తుందనడానికి ఆధారం లేదు. అలాంటి సవరణతో వచ్చిన అంకెను ప్రయోగ ఫలితంగా రాసి ఇవ్వడం నాకు సరైనదిగా తోచడం లేదు.

పక్క ల్యాబ్‌లో ఉన్న రెండో స్పెక్ట్రోఫోటోమీటర్ గురించి కూడా కనుక్కున్నాను. దానికి క్యూవెట్‌ను ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంచే హోల్డర్ లేదు కాబట్టి గది ఉష్ణోగ్రత వద్ద తప్ప మరెక్కడా మన ప్రయోగానికి పనికిరాదు. కొత్త ల్యాంపు నవంబర్ 20, గురువారం అమర్చే అవకాశం ఉందని రమణ గారు చెప్పారు. ఆ తరువాత తరంగదైర్ఘ్యం సరిచూసుకుని, ల్యాంపు నిలకడగా ఉందో లేదో ఒక పూట గమనించవలసి ఉంటుంది. మొదటి, రెండో బ్యాచ్‌ల వారికి ముందే కేటాయించిన స్లాట్లు పోగా, నవంబర్ 24, 25 తేదీల్లో మధ్యాహ్నం యంత్రం ఖాళీగా ఉందని స్లాట్ పట్టికలో చూశాను. మీరు అనుమతిస్తే ఆ రెండు పూటల్లో నాలుగు ఉష్ణోగ్రతల వద్దా రన్స్ మళ్లీ చేస్తాము. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది కాబట్టి పాత ద్రావణాన్ని వాడకుండా కొత్తది తయారు చేసి, పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో టైట్రేషన్ చేసి గాఢతను మళ్లీ నిర్ణయిస్తాము. ఈసారి ప్రతి రన్‌కు ముందూ తరువాతా నీటి రీడింగ్ తీసి పక్కనే రాసుకుంటాము. లెక్కలకు, గ్రాఫులకు, రికార్డు రాయడానికి ఆ పైన మూడు రోజులు సరిపోతాయి. నవంబర్ 28 అని అడగడానికి కారణం అదే.

అప్పటివరకు పని ఆపి కూర్చోవాలన్నది నా ఉద్దేశం కాదు. ఉద్దేశం, సిద్ధాంతం, పద్ధతి, హైడ్రాక్సైడ్ టైట్రేషన్ భాగాలు ఇప్పటికే పూర్తయ్యాయి. మీకు అభ్యంతరం లేకపోతే వాటిని పాత గడువు ప్రకారం సోమవారమే తెచ్చి ఇస్తాను, మీరు దిద్ది ఇస్తే మిగిలినది ఆ తరువాతి పేజీల్లో కొనసాగిస్తాను. పనికిరాని గురువారం రీడింగ్స్‌ను కూడా అబ్జర్వేషన్ బుక్‌లో కొట్టివేయకుండా అలాగే ఉంచాము. పక్కన కారణం రాసి, దానిపై మీ సంతకం తీసుకోవాలనుకుంటున్నాము.

గడువు పొడిగింపు మీ పరిధిలో లేదనుకుంటే, లేదా ఇంటర్నల్ మార్కులు పంపవలసిన తేదీకి ఇది అడ్డు వస్తుందనుకుంటే, మరొక మార్గం ఆలోచించాను. పక్క ల్యాబ్ యంత్రంతో గది ఉష్ణోగ్రత వద్ద మాత్రమే రన్స్ చేసి, హైడ్రాక్సైడ్ గాఢతను మార్చుతూ, అయానిక్ స్ట్రెంగ్త్ మారకుండా పొటాషియం నైట్రేట్ కలిపి, హైడ్రాక్సైడ్ పరంగా చర్య ఆర్డర్‌ను నిర్ణయించి ఇవ్వగలము. అందుకు నవంబర్ 21 వరకు సమయం చాలు. కాకపోతే అందులో యాక్టివేషన్ ఎనర్జీ రాదు కాబట్టి దానికి మార్కులు ఎలా కేటాయించాలన్నది మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. రెండింటిలో నాకు మొదటిదే మేలనిపిస్తోంది.

24, 25 తేదీల స్లాట్లను వేరే బ్యాచ్ వాళ్లు తీసుకోకముందే రమణ గారి దగ్గర పేరు రాయించుకోవాలి. అందుకు మీ అనుమతి ఉన్నట్టు ఒక్క మాట రాసినా సరిపోతుందని ఆయన అన్నారు. వీలైతే సోమవారం మధ్యాహ్నం లోపు తెలియజేయగలరు. మీరు నేరుగా మాట్లాడాలనుకుంటే ఆ రోజు ఉదయం మొదటి క్లాసు అయిన వెంటనే హరిణి, నేను అబ్జర్వేషన్ బుక్‌తో మీ గదికి రాగలము.

జతచేసినవి: లాగ్ బుక్ పేజీ ఫొటో, అబ్జర్వేషన్ బుక్‌లోని గురువారం రీడింగ్స్ పేజీల ఫొటోలు, నేను గీసిన ln A గ్రాఫ్.

కృతజ్ఞతలతో,
మీ విద్యార్థిని
శ్రావణి
ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, మొదటి సంవత్సరం, మూడో బ్యాచ్
నవంబర్ 15, శనివారం