లెంజ్ నియమం: పదో తరగతి వైట్‌బోర్డు వీడియో ప్రణాళిక

ఈ వీడియో పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు సిద్ధమవుతున్న తెలుగు మాధ్యమం విద్యార్థుల కోసం. నిడివి ఆరు నిమిషాలు దాటకూడదు. చెప్పదలచింది ఒక్కటే: తీగచుట్టలో పుట్టే ప్రేరిత విద్యుత్ ప్రవాహం వ్యతిరేకించేది అయస్కాంతాన్ని కాదు, తన గుండా వెళ్లే అభివాహంలో వచ్చే మార్పును. నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థులు కూడా అయస్కాంతాన్ని వెనక్కి లాగినప్పుడు ప్రవాహం ఏ దిశలో ఉంటుందని అడిగితే తికమకపడతారు. కాబట్టి ఫారడే 1831లో చేసిన ప్రయోగాన్ని అర నిమిషంలో ముగించి, మిగిలిన సమయంలో ఎక్కువ భాగాన్ని లెంజ్ 1834లో చెప్పిన ఈ దిశకే కేటాయిద్దాం.

బోర్డు మధ్యలో గాల్వనామీటరుకు కలిపిన తీగచుట్టను ఒక్కసారే గీసి, చివరి వరకూ చెరపకుండా ఉంచాలి. అయస్కాంత క్షేత్రానికి నీలం, ప్రేరిత క్షేత్రానికి ఎరుపు వాడాలి. ఈ రంగులు మధ్యలో మారితే పాఠమే దెబ్బతింటుంది.

మొదట ఉత్తర ధ్రువాన్ని చుట్ట వైపు జరపాలి. నీలి గీతలు పెరుగుతుంటే ఎరుపు బాణం వాటికి ఎదురుగా నిలుస్తుంది; అయస్కాంతం వైపు నుంచి చూస్తే ప్రవాహం అపసవ్య దిశలో ఉండి, చుట్ట ఆ కొన ఉత్తర ధ్రువమవుతుంది. తరువాత అయస్కాంతాన్ని ఆపి, ముల్లు సున్నాకు చేరడాన్ని చూపాలి. ఇక్కడ వ్యాఖ్యానం రెండు క్షణాలు ఆగాలి, ఎందుకంటే చుట్టలో క్షేత్రం ఉన్నా మార్పు లేకపోతే ప్రవాహం లేదన్న విషయం కంటితో చూస్తేనే మనసులో నాటుకుంటుంది.

అసలు ఘట్టం అయస్కాంతాన్ని వెనక్కి లాగడం. నీలి గీతల దిశ మారదు, సంఖ్య మాత్రమే తగ్గుతుంది; అందుకే ఎరుపు బాణం ఈసారి నీలి బాణం వైపే తిరిగి, తగ్గుతున్నదాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. రెండు బాణాలను పక్కపక్కనే గీసి, "వ్యతిరేకత అంటే ఎప్పుడూ ఎదురు దిశ కాదు" అని వ్యాఖ్యాత నెమ్మదిగా చెప్పాలి. ఈ ఒక్క వాక్యం కోసమే వీడియో తీస్తున్నామని నా అభిప్రాయం. దీనికి నిమిషంన్నర ఇచ్చినా తప్పులేదు.

శక్తి నిత్యత్వాన్ని ప్రత్యేక అంశంగా కాక, "సాయపడితే ఏమవుతుంది?" అన్న ప్రశ్నగా తేవాలి. చుట్ట అయస్కాంతాన్ని లోపలికి లాక్కుంటే దాని వేగం తనంతట తానే పెరుగుతుంది, ప్రవాహమూ పెరుగుతుంది. ఎవరూ పని చేయకుండానే శక్తి పుట్టాల్సి వస్తుంది. అది అసాధ్యం. నిజానికి వికర్షణకు ఎదురుగా చేయి చేసే పనే విద్యుచ్ఛక్తిగా మారుతుంది. ε = −ΔΦ/Δt సూత్రాన్ని దీని తరువాతే రాసి, రుణ గుర్తు చుట్టూ ఎరుపు సున్నా చుట్టాలి.

చివరి ప్రశ్న: దక్షిణ ధ్రువాన్ని చుట్ట నుంచి దూరంగా లాగితే, అయస్కాంతం వైపు నుంచి చూసినప్పుడు ప్రవాహం ఏ దిశలో ఉంటుంది? పది సెకన్ల నిశ్శబ్దం తరువాత బోర్డుపై అపసవ్య బాణం గీయాలి.