మీ ఇంటికి సోలార్ కొటేషన్ – మూడు సైజులు

నమస్తే సార్,

మొన్న హనుమకొండలో మీ డాబా చూసిన తర్వాత, మీరు పంపిన ఏడాది కరెంటు బిల్లులు కూడా ముందేసుకుని ఈ లెక్క తయారుచేశాను. చలికాలంలో మీకు నెలకు 220 యూనిట్ల దాకా, ఏప్రిల్, మేలో 430 దాకా కాలుతోంది. సగటున 310 అనుకోండి. మాకైతే 3 కిలోవాట్లు మీ ఇంటికి సరిపోతుందనిపిస్తోంది.

మూడింటిలోనూ ప్యానెళ్ల కంపెనీ, ఇన్వర్టర్ కంపెనీ, వైరింగ్, ఎర్తింగ్, నెట్ మీటర్ పని ఒకటే. మారేది సైజు, ధర మాత్రమే. జీఎస్టీ కలిపే రాశాను.

2 కిలోవాట్లు: 4 ప్యానెళ్లు, నెలకు సుమారు 240 యూనిట్లు. ధర రూ.1,35,000, సబ్సిడీ రూ.60,000. చివరికి మీకు పడేది రూ.75,000.

3 కిలోవాట్లు (మా సలహా ఇదే): 6 ప్యానెళ్లు, సుమారు 360 యూనిట్లు. ధర రూ.1,90,000, సబ్సిడీ రూ.78,000. మీకు పడేది రూ.1,12,000.

5 కిలోవాట్లు: 10 ప్యానెళ్లు, సుమారు 600 యూనిట్లు. ధర రూ.2,95,000, సబ్సిడీ రూ.78,000. మీకు పడేది రూ.2,17,000.

పీఎం సూర్య ఘర్ కింద సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే 5కు వెళ్తే పైన పడే రూ.1,05,000 మొత్తం మీ జేబులోంచే. మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతుంది కానీ, దానికొచ్చే రేటు మనం కొనే రేటంత ఉండదు. ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే మాత్రం 5 తీసుకోండి, నేను వద్దనను. 2 కిలోవాట్లయితే ఎండాకాలం ఏసీ వేసినప్పుడు మళ్లీ బిల్లు చూసి బాధపడతారు.

సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది, అదీ ప్లాంటు మొదలయ్యాక. కాబట్టి ముందు పూర్తి ధర కట్టాల్సి ఉంటుంది: ఆర్డరుకు రూ.20,000, సరుకు దిగాక మిగతాదాంట్లో చాలా భాగం, నెట్ మీటర్ పెట్టాక చివరి రూ.15,000.

ఇంకో మూడు సంగతులు. బ్యాటరీ లేదు కనుక లైన్ కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. ఇప్పుడున్న ఇన్వర్టర్‌ను అలాగే ఉంచుకోండి. పడమటి వైపు నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం పడుతుంది, అందుకే ప్యానెళ్లు మెట్ల గది అవతల పెడతాం. మీ వీధిలో కోతులు బాగా తిరుగుతున్నాయి, వైర్లన్నీ పైపుల్లోంచే తీస్తాం, దానికి వేరే డబ్బు తీసుకోం.

మీటరు ఇంకా మీ నాన్నగారి పేరునే ఉంది సార్. సబ్సిడీ దరఖాస్తు పేరూ, మీటరు పేరూ కలవాలి. ఏ సైజు అనుకున్నా, ముందు ఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో పేరు మార్పిడికి పెట్టండి. కాగితాలు నేను చూసిపెడతాను. సైజు అంకె ఒక్కటి వాట్సాప్‌లో పంపితే చాలు.