రామాలయం వెనుక వీధికి చెత్త బండి రాకపోవడంపై మున్సిపల్ కమిషనర్ గారికి అర్జీ

తేదీ: 18-08-2025, సోమవారం

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
పురపాలక సంఘ కార్యాలయం.

అర్జీదారు: పి. విజయలక్ష్మి, ఇంటి నంబరు 17-4-31, రామాలయం వెనుక వీధి, 17వ వార్డు. నాతోపాటు ఇదే వీధిలో ఉంటున్న మరో 31 ఇళ్లవారు (సంతకాలు జతపరిచాం).

విషయం: జూన్ 16 నుంచి మా వీధిలో ఇంటింటి చెత్త సేకరణ సక్రమంగా జరగకపోవడం, నాలుగుసార్లు ఫిర్యాదు చేసినా సమస్య తీరకుండానే వాటిలో రెండు పరిష్కారమైనట్లు నమోదు కావడం గురించి.

పాత ఫిర్యాదులు:
1. 20-06-2025, వార్డు శానిటేషన్ కార్యదర్శికి ఫోన్‌లో.
2. 30-06-2025, వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా, రసీదు నంబరు 214.
3. 09-07-2025, మొబైల్ యాప్‌లో ఫొటోతో సహా.
4. 21-07-2025, మీ కార్యాలయంలో జరిగిన ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ.

అయ్యా,

మా వీధిలో మొత్తం 38 ఇళ్లు. మెయిన్ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఆరు ఇళ్లకు చెత్త బండి ఇప్పటికీ రోజూ వస్తోంది. అక్కడి నుంచి పది అడుగులు లోపలికి వేస్తే మురుగు కాలువ, దాని మీద కల్వర్టు. ఆ కల్వర్టు దాటాక ఉన్న 32 ఇళ్లకే ఈ కష్టం.

జూన్ 14న మంచినీటి పైపులైను పనికి వచ్చిన జేసీబీ ఎక్కడంతో కల్వర్టు పలక విరిగింది. మేమే రెండు చెక్కలు వేసుకున్నాం. వాటి మీదుగా మనిషి నడవగలడు, స్కూటర్ మెల్లగా పోగలదు, ఆటో మాత్రం పోలేదు. జూన్ 16 సోమవారం నుంచి చెత్త ఆటో మలుపు దగ్గరే ఆగి, పాట వేసి, రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతోంది. పాట విని బకెట్ పట్టుకుని పరుగెత్తేసరికి బండి పక్క వీధిలో ఉంటుంది. పరుగెత్తగలిగిన వాళ్లకే ఆ అవకాశమైనా ఉంది. మా వీధిలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు ఐదుగురున్నారు.

మా ఇంట్లో పాల లెక్క గోడ క్యాలెండర్ మీద రాసుకోవడం అలవాటు. పాలు రాని రోజున సున్నా చుడతాను. జూన్ 16 నుంచి అదే క్యాలెండర్ మీద చెత్త లెక్క కూడా మొదలుపెట్టాను. ఎదురింటివారు, చివరింటివారు వారానికొకసారి చూసి పక్కన పొడి సంతకం పెట్టారు. నిన్నటి వరకు, అంటే ఆగస్టు 17 వరకు, ఆదివారాలు, స్వాతంత్ర్య దినోత్సవం తీసేస్తే 53 పని దినాలు. అందులో మా చెత్త తీసుకెళ్లింది 12 రోజులు: జూన్ 21, జూలై 3, 4, 12, 24, 25, 26, ఆగస్టు 2, 4, 5, 6, 13. మిగిలిన 41 రోజులూ రాలేదు. వరుసగా రానివే చూస్తే జూన్ 23 నుంచి జూలై 2 దాకా తొమ్మిది పని దినాలు, మళ్లీ జూలై 14 నుంచి 23 దాకా తొమ్మిది పని దినాలు.

ఇక ఫిర్యాదుల సంగతి మీరు కొంచెం ఓపికగా చదవాలని కోరుతున్నాను. బండి రాకపోవడం కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

జూన్ 20న ఫోన్ చేస్తే మర్నాడు బండి వచ్చింది. సంతోషించాం. ఆ ఒక్కరోజే. జూన్ 30న రాసిచ్చిన కాగితానికి రసీదు వచ్చింది, జూలై 3, 4 తేదీల్లో మనుషులు వచ్చారు, తర్వాత ఆగిపోయారు. జూలై 9న యాప్‌లో ఫొటో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికే ‘పరిష్కరించబడినది’ అని వచ్చింది, కింద శుభ్రంగా ఊడ్చిన వీధి ఫొటో. ఆ ఫొటోలో ఒక ఓవర్‌హెడ్ వాటర్ ట్యాంకు ఉంది. మా వీధిలో వాటర్ ట్యాంకు లేదు. మా చెత్త అలాగే ఉండగా ఎవరిదో వీధి చూపించి మా ఫిర్యాదు మూసేశారు. ఆ రోజు మా ఇంట్లో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బండి వచ్చింది రెండు రోజుల తర్వాత, 12న.

జూలై 21న మీ కార్యాలయానికే వచ్చి అర్జీ ఇచ్చాను. 24, 25, 26 తేదీల్లో చెత్త తీశారు. 28న అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సరిగ్గా ఆ రోజు నుంచే మళ్లీ రావడం మానేశారు. ఆగస్టు 1న శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు స్వయంగా వచ్చి కల్వర్టు చూశారు. ఆయన వచ్చి వెళ్లాక ఆగస్టు 2, 4, 5, 6 తేదీల్లో పని బాగా జరిగింది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. 7 నుంచి మళ్లీ మామూలే. ఆగస్టు 11న నేను వెళ్లి కలిస్తే మనుషులు తక్కువగా ఉన్నారని అన్నారు. 13న ఒకసారి వచ్చారు.

ఆగస్టు 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ప్రతి ఇంట్లో అరటి పిలకలు, పూలు, విస్తళ్లు, కొబ్బరి చిప్పలు. అవన్నీ 13 వరకు గుమ్మాల ముందే కుళ్లాయి. పండగ చేసుకున్న ఇంటి ముందు ముక్కు మూసుకుని నిలబడాల్సి వచ్చింది.

ఒకరోజు మలుపు దగ్గర ఆటో ఆపి డ్రైవర్ బాబును అడిగాను. “చెత్త పన్ను ఎత్తేశారు కదమ్మా” అన్నాడు. పన్ను ఎత్తేశారు గానీ, చెత్త ఎత్తొద్దని ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు కదా అయ్యా. మా వీధిలో చాలామందిమి ఇంటి పన్ను ఏడాది మొత్తానిదీ 5 శాతం రాయితీ కోసం ఏప్రిల్‌లోనే కట్టేశాం. కట్టని ఇల్లు ఉన్నా చెత్త తీయడం ఆపకూడదనే నేననుకుంటాను, రోగం పన్ను రసీదు చూసి రాదు. ఆ అబ్బాయి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. ఆటో కల్వర్టు దాటదు, అది అతని తప్పు కాదు.

మా వైపు తప్పు కూడా ఒప్పుకుంటున్నాను. చెత్త ఇంట్లో పెట్టుకోలేక కొందరు వీధి చివర ఖాళీ స్థలంలో పడేశారు. జూలై 19 రాత్రి ఎవరో దానికి నిప్పు కూడా పెట్టారు, ప్లాస్టిక్ పొగకు తలుపులు వేసుకుని కూర్చున్నాం. వీధిలో చెత్త వేయడం, కాల్చడం ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 ప్రకారం నిషేధమని మాకు తెలుసు. జూలై 29న ‘ఇక్కడ చెత్త వేసిన జరిమానా రూ.500’ అని అక్కడ బోర్డు పెట్టారు. బోర్డు మోసుకొచ్చిన వాళ్లు చెక్కల మీదుగానే నడిచి వచ్చారు. అవే నియమాల్లో ప్రతి ఇంటి నుంచీ, మురికివాడలతో సహా, వేరు చేసిన చెత్తను ఇంటింటికీ వెళ్లి సేకరించే బాధ్యత స్థానిక సంస్థదని 15వ నియమం చెబుతోంది. తడి, పొడి వేరు చేసి ఇవ్వడం మా పని. చేస్తున్నాం. కానీ తొమ్మిది రోజులు నిలవున్నాక తడి చెత్తా పొడి చెత్తా అన్న తేడా మిగలదు.

ఆ ఖాళీ స్థలం పక్కనే అంగన్‌వాడీ కేంద్రం ఉంది. కుక్కలు సంచులు లాగి చింపుతున్నాయి, చిన్నపిల్లల డైపర్లు కేంద్రం మెట్ల దాకా వస్తున్నాయి. వానలకు కొబ్బరి చిప్పల్లో, ప్లాస్టిక్ గ్లాసుల్లో నీళ్లు నిలుస్తున్నాయి. శుక్రవారం డ్రై డే పాటించండి, వారానికొకసారి నిల్వ నీళ్లు పారబోయండి అని మీ సిబ్బందే ఇంటింటికీ వచ్చి చెప్పారు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలని కూడా వాళ్లే చెప్పారు. తొమ్మిది రోజులు చెత్త కదలకపోతే ఏమవుతుందో ఆ లెక్కే చెబుతుంది. గత వారం వీధిలో ఇద్దరు పిల్లలకు జ్వరాలు వచ్చాయి. అది చెత్త వల్లేనని నేను అనను, అది డాక్టర్ చెప్పాల్సిన మాట. మాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

అయ్యా, ఈ సమస్యకు పరిష్కారం మీ సిబ్బందే 12 సార్లు చేసి చూపించారు. పైన చెప్పిన 12 రోజుల్లో ఒక్కరోజు కూడా ఆటో లోపలికి రాలేదు. ఇద్దరు కార్మికులు తోపుడు బండితో చెక్కల మీదుగా వచ్చి, చెత్త తీసుకుని, మలుపు దగ్గర ఆటోలో వేశారు. మొత్తం అరగంట పని. ఆ తోపుడు బండి మార్కెట్ వైపు కూడా కావాలట, అందుకే రోజూ ఇటు పంపలేకపోతున్నామని ఆ అక్కలే చెప్పారు. అంటే 32 ఇళ్ల ఇబ్బంది ఒక తోపుడు బండి దగ్గర ఆగింది.

కాబట్టి కల్వర్టు బాగయ్యే వరకు మా వీధికి రోజూ ఉదయం ఒక తోపుడు బండిని, ఇద్దరు మనుషులను కేటాయించవలసిందిగా కోరుతున్నాం. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజైనా సరే, ఏయే రోజులో ముందే చెప్తే మేము దానికి తగ్గట్టు సర్దుకుంటాం. కల్వర్టు పలక వేయించమని ఇంజినీరింగ్ విభాగానికి ఆదేశమిచ్చి, ఏ తేదీలోగా వేస్తారో మాకు తెలియజేయండి. ఆగస్టు 27 వినాయక చవితి, పత్రితో చెత్త మళ్లీ పెరుగుతుంది, ఆలోపు ఖాళీ స్థలంలోని కుప్ప తీయించి బ్లీచింగ్, సున్నం చల్లించండి.

జూలై 10న, 28న మా ఫిర్యాదులు ఏ ఆధారంతో మూశారో కూడా విచారించి చెప్పాలి. యాప్‌లో పెట్టిన ఆ ఫొటో ఏ వీధిదో కనుక్కుంటే చాలు, మిగతాది మీకే అర్థమవుతుంది. ఈ అర్జీని మూసేముందు దయచేసి నాకు ఒక ఫోన్ చేయించండి. నంబరు సంతకాల కాగితంలో మొదటి వరుసలో ఉంది.

15 రోజుల్లోగా, అంటే సెప్టెంబరు 2 లోపు, రాతపూర్వక జవాబు ఇవ్వగలరు. రాకపోతే ఆ తర్వాతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. మా వీధి చెత్త సేకరణ రిజిస్టరు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెడతాం. మా క్యాలెండర్, మీ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడటానికి మీరే ఒకరోజు పిలిస్తే ఆ అవసరం రాదు. క్యాలెండర్ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
పి. విజయలక్ష్మి
(రామాలయం వెనుక వీధి నివాసుల తరఫున)

జతపరిచినవి: జూన్, జూలై, ఆగస్టు క్యాలెండర్ పేజీల జిరాక్సులు, రసీదు నంబరు 214 జిరాక్సు, యాప్‌లో వచ్చిన జవాబు, వాటర్ ట్యాంకు ఫొటోతో సహా, జూలై 28 మెసేజ్ ప్రింటు, కల్వర్టు, ఖాళీ స్థలం ఫొటోలు నాలుగు, 32 ఇళ్లవారి సంతకాలు.

నకలు: శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారికి, 17వ వార్డు సచివాలయానికి.