డ్రిప్ శుద్ధి, సంరక్షణ: ఏ పనికి ఎంత ధర

అనంతపురం చుట్టుపక్కల చీనీ, దానిమ్మ, అరటి తోటలకు మేము చేసే పనుల ధరలన్నీ ఈ పేజీలో ఉన్నాయి. తోట చూడకుండా ధర చెప్పలేమని మేము అనము. ఎన్ని ఎకరాలో తెలిస్తే, మాకు ఫోను చేయకముందే మొత్తం ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఇక్కడ రాసినవే తుది ధరలు. అనంతపురం నుంచి 40 కిలోమీటర్ల లోపు రాకపోకల ఖర్చు, మా మనుషుల కూలి వీటిలోనే కలిసి ఉంటాయి.

ముందుగా మీరే చూసుకోండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ కింద ఒక గిన్నె పెట్టి, సరిగ్గా మూడు నిమిషాలు నీరు పట్టి, కొలత గీతలున్న సీసాలో పోసి చూడండి. 200 మిల్లీలీటర్లు రావాలి. పైపు మొదట్లో, మధ్యలో, చివర కలిపి పది డ్రిప్పర్లను ఇలాగే కొలవండి. అన్నింటిలోనూ 180కి పైగా వస్తుంటే మీకు ఇప్పుడు మా శుద్ధి అవసరం లేదు. ఫిల్టర్ కడుక్కుంటూ, నెలకొకసారి పైపుల చివరి మూతలు తీసి నీరు వదిలితే చాలు. మొదట్లో బాగా వచ్చి చివర్లో తగ్గితే ఒత్తిడి చాలడం లేదని గాని, పైపు చివర మట్టి చేరిందని గాని అనుకోవాలి. అక్కడక్కడా ఒక్కో డ్రిప్పర్ మాత్రమే సన్నగా కారుతూ, దాని నోటి దగ్గర తెల్లటి పొర కనబడితే అది బోరు నీటిలోని సున్నం. మన ప్రాంతంలో ఎక్కువ తోటలను ఇబ్బంది పెట్టేది ఇదే.

ఒక లీటరు బోరు నీటిని శుభ్రమైన సీసాలో మార్కెట్ యార్డు దగ్గరున్న మా దుకాణానికి తెస్తే పి.హెచ్., ఉప్పుశాతం మీ ఎదుటే చూసి చెబుతాము. దీనికి డబ్బు తీసుకోము.

తోట పరీక్ష: 5 ఎకరాల దాకా 600 రూపాయలు

ఐదు ఎకరాలు దాటితే ఆపై ప్రతి ఎకరాకు 80 రూపాయలు కలుస్తాయి. మా మనిషి తోటకు వచ్చి ఇసుక ఫిల్టరుకు ముందూ వెనుకా ఒత్తిడి చూసి, ఇరవై డ్రిప్పర్ల నీటిని కొలిచి, ఎక్కడ ఏ లోపం ఉందో తెలుగులో కాగితంపై రాసి ఇస్తాడు. ఆ కాగితం మీది. దాన్ని చూపించి పనిని మరొకరి చేత చేయించుకున్నా మాకు అభ్యంతరం లేదు. ముప్పై రోజుల లోపు మా చేతనే శుద్ధి చేయిస్తే పరీక్షకు ఇచ్చిన మొత్తాన్ని అందులో తగ్గిస్తాము.

యాసిడ్ శుద్ధి: ఎకరాకు 1,100 రూపాయలు

కనీసం రెండు ఎకరాల పని ఉండాలి. నాలుగు ఎకరాల చీనీ తోటకు 4,400 అవుతుంది. అంతకు ముందే పరీక్ష చేయించి ఉంటే మీరు ఇవ్వవలసింది 3,800 మాత్రమే.

ఈ పనికి రెండు రోజులు పడుతుంది. మొదటి రోజు ఫిల్టర్లను కడిగి, మెయిన్, సబ్‌మెయిన్, చివరి పైపుల్లోని మట్టిని నీటితో వెళ్లగొట్టిన తరువాతే యాసిడ్ ఎక్కిస్తాము. మట్టి పోకుండా యాసిడ్ పెడితే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. చివరి డ్రిప్పర్ నుంచి వచ్చే నీటి పి.హెచ్. 4 దగ్గరికి దిగిందని రంగు కాగితంతో మీకు చూపించి, మోటారు ఆపి, రాత్రంతా పైపుల్లో నిలవనిస్తాము. మరునాడు మూతలు తీసి, తెల్లటి నీరు పోయి తేట నీరు వచ్చేదాకా వదులుతాము. యాసిడ్, రంగు కాగితాలు, ఎకరాకు 25 డ్రిప్పర్ల దాకా మార్చే కూలి ఈ ధరలోనే ఉన్నాయి. 25 దాటితే మార్చిన ప్రతిదానికి 2 రూపాయలు.

కొత్త డ్రిప్పర్లు, మూతలు, గ్రోమెట్లు ఈ ధరలో లేవు. ఏవి ఎన్ని కావాలో ముందే రాసి ఇస్తాము. మా దగ్గరే కొనాలన్న నిబంధన లేదు.

బోరు నీటిని పంట కుంటలో నింపి వాడే తోటల్లో సున్నంతో పాటు పాచి కూడా పైపుల్లో చేరుతుంది. పాచి యాసిడ్‌తో పోదు కాబట్టి క్లోరిన్ శుద్ధి వేరుగా చేయాలి. దానికి ఎకరాకు 250 రూపాయలు అదనం. రెండింటినీ ఒకే రోజు చేయము, ఎవరినీ చేయనివ్వము. క్లోరిన్, యాసిడ్ కలిస్తే ప్రాణాపాయమైన వాయువు పుడుతుంది. మీ అంతట మీరు శుద్ధి చేసుకోదలచినా సరే, ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. అలాగే నీటిలోకి యాసిడ్ పోయాలే తప్ప యాసిడ్‌లోకి నీరు పోయకూడదు.

ఏడాది సంరక్షణ: ఎకరాకు 2,400 రూపాయలు

ఏడాదిలో నాలుగుసార్లు వస్తాము. రెండుసార్లు యాసిడ్ శుద్ధి, రెండుసార్లు పరీక్ష. దీనికి కూడా కనీసం రెండు ఎకరాలుండాలి. నాలుగు ఎకరాలకు 9,600 అవుతుంది. ఇవే పనులను విడివిడిగా చేయిస్తే 10,000. అంటే మిగిలేది 400 మాత్రమే, తోట పెద్దదయ్యే కొద్దీ ఆ తేడా తగ్గి పది ఎకరాల దగ్గర పూర్తిగా పోతుంది. కాబట్టి డబ్బు మిగులుతుందని దీన్ని ఎంచుకోవద్దు. పూత కోసం నీరు ఆపే ముందు, తిరిగి నీరు మొదలుపెట్టేటప్పుడు, కాయ పెరిగే ఎండాకాలంలో ఎవరో ఒకరు తప్పక వచ్చి చూడాలని కోరుకునేవారికి, తోటకు దూరంగా పట్టణంలో ఉండేవారికి ఇది ఉపయోగం. ఈ మొత్తాన్ని మూడు సమాన వాయిదాల్లో ఇవ్వవచ్చు. మధ్యలో మానుకుంటే అప్పటిదాకా చేసిన పనులకు విడి ధర లెక్కగట్టి, మిగిలినది తిరిగి ఇస్తాము.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

పరీక్షకు ముందుగా ఏమీ ఇవ్వనక్కరలేదు. శుద్ధికి ఎకరాకు 300 రూపాయలు ముందు ఇవ్వాలి, అది యాసిడ్ కొనడానికి. మిగిలిన 800, పని ముగిశాక మీ ఎదుటే అవే డ్రిప్పర్లను మళ్లీ కొలిచి చూపించిన తరువాత. నీటి ధార పెరగకపోతే ఆ 800 తీసుకోము. ఏడాది సంరక్షణలో చేసే శుద్ధికీ ఇదే మాట వర్తిస్తుంది: ధార పెరగకపోతే ఎకరాకు 800 చొప్పున తరువాతి వాయిదాలో తగ్గిస్తాము.

దూరంగా ఉన్న ఊళ్లకు

గార్లదిన్నె, బుక్కరాయసముద్రం, శింగనమల, నార్పల, రాప్తాడు, కూడేరు మండలాలకు అదనపు ఖర్చు లేదు. తాడిపత్రి, కళ్యాణదుర్గం వైపు ఒక్కో రాకకు 500 రూపాయలు అవుతుంది. పక్క తోటవారు కూడా అదే రోజు పిలిస్తే ఆ మొత్తాన్ని మీరు పంచుకోవచ్చు.

మేము వద్దని చెప్పే సందర్భాలు

పైపులు ఎండకు పెళుసెక్కి వంచితే చీలుతుంటే శుద్ధికి పెట్టే డబ్బు వృథా అవుతుంది, ఆ మాట పరీక్ష కాగితంలోనే రాస్తాము. బోరు ఇసుక పోస్తుంటే ముందు ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ పెట్టుకోవాలి, లేదంటే శుద్ధి చేసిన కొద్ది రోజులకే మళ్లీ మూసుకుపోతుంది. మీ డ్రిప్‌కు హామీ గడువు ఇంకా మిగిలి ఉంటే, ముందు దాన్ని అమర్చిన కంపెనీవారినే పిలవండి.

పని కావలసినవారు పంట, ఎకరాలు, డ్రిప్ వేసి ఎన్నేళ్లయిందో చెబితే చాలు. మోటారుకు కరెంటు ఏ వేళల్లో వస్తుందో కూడా చెప్పండి, ఆ వేళలను బట్టే మేము వచ్చే రోజును నిర్ణయిస్తాము.